కొత్త సరుకుకు రెండు వారాల టీజర్, లాంచ్: నెల్లూరు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం నెల్లూరులో ఇంట్లోనే పొడులు చేసి అమ్ముతాం. చేసేది ముగ్గురం: నేను, అమ్మ, మాకు సాయానికి వచ్చే మస్తానమ్మక్క. 2025 ఫిబ్రవరిలో ఎండు రొయ్యల కారప్పొడి 100 గ్రాముల ప్యాకెట్‌ను రెండు వారాల ప్లాన్ వేసుకుని దించాం. అప్పటినుంచి కావలి, ఒంగోలు, కొత్తపట్నం వైపు చిన్నచిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందరికీ ఒకేచోట ఉంటుందని రాశాను. ఉదాహరణలన్నీ మా రొయ్యల పొడివే, ఎందుకంటే లెక్కలు నా దగ్గర ఉన్నది దానివే.

టీజర్ అసలు దేనికి? నేరుగా "కొత్త పొడి వచ్చింది" అని పెడితే సరిపోదా?

సరుకు చెడిపోనిదైతే, గోడౌన్ నిండా ఉంటే సరిపోతుంది. మాలాంటివాళ్లకు అసలు ఇబ్బంది వేరే. ఎంత చేయాలో తెలియదు. తక్కువ చేస్తే మొదటి రోజే అయిపోయి మనుషులు విసుక్కుంటారు, ఎక్కువ చేస్తే డబ్బు డబ్బాల్లో ఇరుక్కుపోతుంది, పైగా పొడి రోజురోజుకీ పాతబడుతుంది. అందుకే నా దృష్టిలో టీజర్ పని ఊరించడం కాదు, పేర్లు రాయించుకోవడం. "నాకు కావాలి" అని ఎంతమంది ముందే చెప్పారో తెలిస్తే ఎంత దంచాలో తెలుస్తుంది.

ఇది ఒప్పుకుంటే మిగతా నిర్ణయాలు సులువవుతాయి. "త్వరలో ఒక పెద్ద సర్‌ప్రైజ్" అని నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ప్రశ్నార్థకం పెట్టే పోస్టులు చూస్తుంటాం కదా. దానికి జవాబు చెప్పడానికి చూసేవాడి దగ్గర ఏమీ ఉండదు. చూస్తాడు, పైకి తోస్తాడు. పెద్ద కంపెనీకి అది చెల్లుతుంది, ఎందుకంటే దాని పేరు అప్పటికే అందరికీ తెలుసు. మన పేరు మన వీధి దాటి ఎవరికి తెలుసు?

రెండు వారాలే ఎందుకు? నెల రోజులు నడిపితే ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది కదా?

తెలుస్తుంది, మర్చిపోతారు కూడా. 200 రూపాయల పొడి కోసం ఎవరూ నెల రోజులు ఎదురుచూడరు. వారంలో ముగిస్తే పేర్లు రాయించుకుని, ఆ లెక్క ప్రకారం సరుకు చేసి, ఆరబెట్టి, ప్యాక్ చేయడానికి టైం చాలదు. మాకు పేర్లకు ఒక వారం, తయారీకి మూడు రోజులు, లిస్టువాళ్లకు అమ్మి పంపడానికి మూడు రోజులు, చివర ఒక ఆదివారం అందరికీ. లెక్క వేస్తే 14 రోజులు వచ్చింది. మీ సరుకు తయారీకి వారం పట్టేదైతే మీ ప్లాన్ మూడు వారాలు అవుతుంది, అందులో తప్పేం లేదు.

తేదీ ఎలా పెట్టుకోవాలి?

వెనక నుంచి ముందుకు లెక్కపెట్టండి. మా సరుకు నీసు, కాబట్టి ముందుగా చూసింది నెల. కార్తీకంలో, శ్రావణంలో మా కస్టమర్లలో సగం ఇళ్లలో నీసు వండరు, అయ్యప్ప మాల వేసుకున్న ఇల్లయితే సంక్రాంతి దాకా ఊసెత్తకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాకు వానలు, రొయ్య సరిగా ఎండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం, ఆ రోజుల్లో ఎండు రొయ్య దొరికినా ధర మన చేతిలో ఉండదు. అవన్నీ కొట్టేస్తే జనవరి చివరి నుంచి మార్చి దాకా మిగిలింది. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. దానికి ముందే డెలివరీలు కూడా అయిపోవాలి.

తర్వాత వారం. మన దగ్గర ఎక్కువ ఇళ్లలో నీసు వండేది ఆదివారం. పార్శిల్ శనివారానికి ఇంటికి చేరితే ఆదివారం వేడన్నంలో కలుపుకుని తింటారు, తిన్నవాళ్లు ఫోటో పెడతారు. శనివారానికి చేరాలంటే గురు, శుక్రవారాల్లో కొరియర్‌కు ఇవ్వాలి. అంటే బుధవారం సాయంత్రం అమ్మాలి. అలా మొదటి అమ్మకం ఫిబ్రవరి 5 బుధవారం అని తేలింది. అది జీతాలు పడిన వారం కూడా. బుధవారం పదో రోజు అయ్యేలా చూసుకుంటే మొదలు జనవరి 27 సోమవారం, ముగింపు ఫిబ్రవరి 9 ఆదివారం.

ఇంత లెక్క వేసి కూడా ఒకటి తప్పాను. జనవరి 29 అమావాస్య అని చూసుకుని ఆ రోజు ఏమీ పోస్ట్ చేయకుండా వదిలేశాను (చేస్తే అమ్మ ఊరుకోదు). కానీ ఫిబ్రవరి 4 మంగళవారం రథసప్తమి అని చూడలేదు. సరుకు దంచాల్సింది సరిగ్గా సోమ, మంగళవారాల్లో. అమ్మ సోమవారం నీసు ముట్టదు, రథసప్తమినాడు అసలే ముట్టదు. సోమవారం మిరపకాయలు, ధనియాలు వేయించడం వరకే చేసింది. రొయ్యల పనంతా మంగళవారం నా మీద, మస్తానమ్మక్క మీద పడి రాత్రి ఒంటిగంట దాటింది. పంచాంగం అమ్మకపు రోజులకే కాదు, తయారీ రోజులకు కూడా చూడాలి.

మొదటి టీజర్ పెట్టేనాటికి చేతిలో ఏవి ఉండాలి?

సరుకు ఉండక్కర్లేదు. ముడిసరుకు, పౌచ్‌లు, లేబుళ్లు ఉండాలి. లేబుళ్లు "ప్రెస్‌లో ఉన్నాయి" అంటే లేనట్టే.

దీనికి ముందు మేం కరివేపాకు పొడి దించినప్పుడు తేదీ, ధర అందరికీ చెప్పేసి, లేబుళ్ల కోసం ప్రెస్ చుట్టూ తిరిగాం. వచ్చినవాటిలో నికర బరువు దగ్గర ఒక సున్నా ఎక్కువ పడింది, 100 గ్రాములు కాస్తా 1000 గ్రాములైంది. మళ్లీ వేయించేసరికి నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులూ "ఎప్పుడు పంపుతారు?" అని అడిగినవాళ్లకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం. ఇప్పుడు ప్రెస్‌కు పంపేముందు ప్రూఫ్ ప్రింట్ తీసి, ఇంట్లో చదువు వచ్చిన ఇంకొకరితో పైకి చదివించుకుంటాను.

రొయ్యల పొడి లేబుల్ మీద FSSAI 14 అంకెల నంబరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, మన చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ ఉండాలి. మాంసాహారం గుర్తు చదరం లోపల గోధుమరంగు త్రికోణం, పాత గుండ్రటి గుర్తు కాదు. రొయ్య పడని మనుషులు ఉంటారు కాబట్టి ఇందులో రొయ్య జాతి ఉందని అలర్జీ లైను కూడా వేయాలి.

పౌచ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఎండు రొయ్య వాసన పలచటి ప్లాస్టిక్‌లోంచి బయటికొస్తుంది. మేం పరీక్షగా పంపిన పార్శిల్‌ను ఒక కొరియర్ కౌంటర్‌లో వాసన చూసి తీసుకోలేదు. తర్వాత లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌కు మారాం, దానిపైన ఇంకో జిప్ కవర్. ఇక సీల్: పొడి పోసేటప్పుడు పౌచ్ మూతి లోపలి అంచుకు సన్నటి కారం అంటుకుంటే, సీలింగ్ మిషన్ ఎంత వేడిచేసినా అక్కడ అతకదు. పైకి అతికినట్టే కనిపిస్తుంది. పౌచ్‌ను చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కితే "సుయ్" మని గాలి పోతుంది. మస్తానమ్మక్క పేపర్‌ను గరాటులా చుట్టి పోసి, మూతిని పొడిగుడ్డతో ఒకసారి తుడిచి సీల్ చేయడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. పొడి పూర్తిగా చల్లారకముందు నింపితే లోపలివైపు చిన్న నీటి చుక్కలు పడతాయి. అలాంటి ప్యాకెట్ పది రోజుల్లో ముద్ద కడుతుంది.

మొదటి వారం రోజూ ఏం పోస్ట్ చేశారు?

రోజూ చేయలేదు. ఏడు రోజుల్లో ఐదు.

సోమవారం ఉదయం రొయ్య చూపిస్తే పూజలో ఉన్నవాళ్లకు చిరాకు. అందుకని మొదటిది వీడియో కూడా కాదు, పన్నెండు సెకన్ల శబ్దం. రోట్లో ఎండుమిర్చి, వెల్లుల్లి దంచుతున్న చప్పుడు, తెరమీద రోలు అంచు మాత్రమే. కింద ఒకే లైను: "ఇందులో ఇంకొకటి పడాలి. ఏంటో చెప్పుకోండి." నువ్వులన్నారు, కొబ్బరి అన్నారు, చింతపండు అన్నారు. కరెక్టుగా చెప్పింది ఇద్దరే. తప్పు చెప్పినా వాళ్లు మనకు మెసేజ్ పెట్టారు కదా, నాకు కావాల్సింది అదే. ఒకసారి చాట్ తెరిచినవాళ్లు రెండోసారి ఈజీగా రాస్తారు.

మంగళవారం ఇన్‌స్టా స్టోరీలో పోల్: "వేడన్నంలోకి ముందు ముద్ద దేనితో?" నెయ్యీ పొడా, పచ్చడా. ఇది సరదాకే. బుధవారం అమావాస్య, సెలవు.

గురువారం రొయ్యను బయటపెట్టాం. మైపాడు వైపు నుంచి తెచ్చిన ఎండు రొయ్యలు చేటలో పోసి, అమ్మ తలా తోకా గిల్లి పక్కన పెడుతున్న వీడియో. జల్లెడలో జాడిస్తే కింద పేపర్ మీద ఇసుక సన్నగా పడింది, కెమెరా రెండు సెకన్లు దానిమీదే ఆపాను. అన్నిటికంటే ఎక్కువ మాట్లాడించింది ఆ ఇసుకే. బయట కొన్న రొయ్యల పొడిలో పంటికింద కరకరమన్న అనుభవం చాలామందికి ఉంది. "మీరు ఇసుక తీస్తారా?" అని అడిగేవాళ్లకు మేం చెప్పాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం పేర్లు అడిగాం: "మొదటి విడత కొంచెమే చేస్తున్నాం. ముందుగా కావాలంటే 'రొయ్య' అని ఒక్క మాట పంపండి. డబ్బు ఇప్పుడొద్దు." ఫారం, లింకు ఏవీ పెట్టలేదు. ఫారం నింపమంటే మా పిన్ని వయసువాళ్లు అక్కడే ఆగిపోతారు. పంపిన ప్రతివాళ్లకూ వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఒక లేబుల్ తగిలించాను. శనివారం ఏమీ లేదు. ఆదివారం పేరు, బరువు, ధర, తేదీ చెప్పేశాం.

బ్రాడ్‌కాస్ట్ పంపితే చాలామందికి చేరట్లేదు, ఎందుకు?

మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి. లేకపోతే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వాళ్లకు వెళ్లదు. మీ దగ్గర వాళ్ల నంబరు ఉంటే చాలదు. ఒక్కో లిస్టులో 256 మందికి మించి పెట్టలేరు కూడా. మాకు రెండు లిస్టుల్లో కలిపి 412 పేర్లున్నాయి. మెసేజ్‌ను నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే ఎవరెవరికి చేరిందో కనిపిస్తుంది. మాది 260 చిల్లర మందికే చేరింది.

దీనికి మందు టీజర్ వారంలో దొరకదు. మూణ్నాలుగు నెలల ముందునుంచే ప్రతి పార్శిల్‌లో చిన్న కార్డు వేయాలి: "కొత్త పొడి వస్తే ముందు మీకే చెబుతాం, ఈ నంబరు సేవ్ చేసుకోండి." మేం అది ఆలస్యంగా మొదలుపెట్టాం. చేరనివాళ్లలో రెండుసార్లకు మించి కొన్నవాళ్లకు మాత్రం విడిగా, పేరు పెట్టి రాశాను. తెలియని నంబర్లు ఎక్కడినుంచో సంపాదించి అందరికీ పంపడం వద్దు, నలుగురు రిపోర్ట్ కొడితే ఆర్డర్లు వచ్చే నంబరే బ్లాక్ అవుతుంది.

ధర ఎప్పుడు చెప్పాలి? ముందే చెబితే ఆసక్తి పోతుందంటారు.

ధర చెప్పగానే పోయే ఆసక్తి ఆర్డర్ దగ్గరకొచ్చినా పోయేదే, తొందరగా పోతేనే మన లెక్క సరిగా వస్తుంది. మేం ఏడో రోజు చెప్పాం: 100 గ్రాములు 220 రూపాయలు, రెండు ప్యాకెట్ల దాకా కొరియర్ ఆంధ్ర, తెలంగాణలకు 60, చెన్నై, బెంగళూరుకు 80. కొరియర్‌తో సహా చెప్పడం ముఖ్యం. "ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అనే పద్ధతి నాకు అసలు నచ్చదు. వందమందికి ఒకటే జవాబు టైప్ చేయాలి, వాళ్లలో సగం మంది మొహమాటానికి అడగరు.

శుక్రవారం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా "రొయ్య" అన్నవాళ్లు 142 మంది. ధర చూశాక 19 మంది వద్దన్నారు, కొత్తగా 8 మంది చేరారు. రాత్రికి 131.

131 పేర్లుంటే ఎన్ని ప్యాకెట్లు చేయాలి?

పేరిచ్చినవాళ్లంతా కొనరు. ఎంతమంది కొంటారో మీ పాత సరుకే చెప్పాలి, వేరేవాళ్ల లెక్క పనికిరాదు. కరివేపాకు పొడికి 90 మంది పేర్లిస్తే 43 మంది కొన్నారు, మనిషికి సుమారు రెండు ప్యాకెట్లు. అదే సగం లెక్కన 131కి 65 ఆర్డర్లు, 130 ప్యాకెట్లు అనుకున్నాను. ఆదివారం అందరికీ అమ్మడానికి ఇంకో 60, పగిలినా కారినా మార్చి ఇవ్వడానికి, ఒకరిద్దరికి రుచికి పంపడానికి 9. మొత్తం 199.

చేసింది 240. ఎందుకంటే తెచ్చిన రొయ్య 24 కిలోల పొడికి సరిపోతుంది, ఎండు రొయ్యను వానల దాకా నిల్వ ఉంచే చోటు మాకు లేదు. నిజానికి పైహద్దు పెట్టింది కూడా మిక్సీయే. పిండి మరలో రొయ్య పట్టరు, తర్వాత వచ్చే బియ్యప్పిండికి వాసన అంటుతుందని. మా మిక్సీలో గంటకు మూడు కిలోలు, అంటే 24 కిలోలకు ఎనిమిది గంటలు, మధ్యలో అది చల్లబడేదాకా ఆగడం వేరే. లిస్టులో 300 పేర్లు వచ్చినా నేను 240 దాటేదాన్ని కాదు.

ఇంకో హద్దు పార్శిళ్లది. ముగ్గురం కలిసి రోజుకు 40 పార్శిళ్లు కట్టగలం. బుధవారం రాత్రి 150 ఆర్డర్లు తీసుకుంటే శనివారానికి చేరవు. మీరు మొదటిసారి దించుతుంటే, పాత లెక్క లేకపోతే, మూడోవంతు మంది కొంటారనుకుని చేయండి. అయిపోతే రెండో విడత ఉంది.

ఒకటి గమనించండి. ముడిసరుకు ముందే కొన్నాం కానీ దంచింది పేర్లు లెక్కపెట్టాకే. ఎండు రొయ్య పొడిగా ఉన్నంతకాలం ఆగుతుంది. దంచిన పొడికి తేదీ పడిపోతుంది.

లిస్టువాళ్లకు ముందు అమ్మితే మిగతావాళ్లు కోప్పడరా?

ముందే చెబితే కోప్పడరు. ఏడో రోజు పోస్టులోనే రాశాం: పేరిచ్చినవాళ్లకు బుధవారం రాత్రి 7 గంటలకు, అందరికీ ఆదివారం రాత్రి 7కు. ఇంకా కావాలంటే మంగళవారం దాకా పేరివ్వొచ్చు కదా. తిట్టింది మా మేనమామ ఒక్కడే, "నాక్కూడా లిస్టా?" అని. ఆయన మాట మేనమామగా తీసుకున్నాం, కస్టమర్‌గా కాదు.

అమ్మే సాయంత్రం ఆర్డర్లు గందరగోళం కాకుండా ఎలా?

అందరూ ఒకేసారి మెసేజ్ పెడతారు, ఎన్ని మిగిలాయో మనకే తెలియదు, ఉన్నదానికంటే ఎక్కువ అమ్మేస్తాం. దీనికి ఒక గూగుల్ షీట్ చాలు. పేరు, ఊరు, ఫోన్ మొదటి మూడు కాలమ్స్, D లో ఎన్ని ప్యాకెట్లు, E లో డబ్బు అందితే P అని. అమ్మకానికి ఉన్నవి 240లోంచి 9 తీసేస్తే 231. పైన ఒక గడిలో ఇది:

```
=231-SUMIF(E2:E300,"P",D2:D300)
```

ఆ గడిలో కనిపించేదే మిగిలిన సరుకు. P ఎప్పుడు వేయాలన్నదే కిటుకు. స్క్రీన్‌షాట్ రాగానే కాదు, బ్యాంకులో డబ్బు పడ్డాక. స్క్రీన్‌షాట్‌లో "ప్రాసెసింగ్" అని ఉన్నా గమనించకుండా పంపేవాళ్లున్నారు, పాత స్క్రీన్‌షాట్ పంపేవాళ్లూ ఉన్నారు. ఫోన్లు రెండు పెట్టుకున్నాం. ఒకదాంట్లో నేను జవాబులు, ఇంకోదాంట్లో మా తమ్ముడు బ్యాంకు మెసేజ్‌లు చూసి పైకి పేరు చదవడం.

వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై ముందే రాసుకోండి: ధర, కొరియర్, యూపీఐ ఐడీ, "పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ ఒకే మెసేజ్‌లో పంపండి." ఆ "ఒకే మెసేజ్‌లో" అన్న మాట లేకపోతే చిరునామా నాలుగు ముక్కలుగా వస్తుంది, పిన్‌కోడ్ మర్నాడు వస్తుంది.

మాకు బుధవారం 7 నుంచి గురువారం మధ్యాహ్నం దాకా 74 ఆర్డర్లు, 171 ప్యాకెట్లు. అనుకున్నదానికంటే మనుషులు కొద్దిగానే ఎక్కువ, ప్యాకెట్లు బాగా ఎక్కువ, ఎందుకంటే చెన్నైలో ఉన్నవాళ్లు పక్కింటివాళ్లకు కూడా కలిపి చెప్పారు. 12 మంది నెల్లూరులోనే, ఇంటికొచ్చి తీసుకెళ్లారు. మిగతా 62లో గురువారం 38, శుక్రవారం 24 పంపాం. హైదరాబాద్‌లో బస్టాండ్‌కు వెళ్లి తీసుకోగలిగేవాళ్లకు ఆర్టీసీ కార్గోలో వేశాం.

యాడ్స్‌కు ఎంత పెట్టాలి?

మేం పెట్టలేదు. కారణం పిసినారితనం కాదు. లిస్టు అమ్మకం అయ్యాక 60 ప్యాకెట్లే మిగిలాయి, అంటే దాదాపు 30 ఆర్డర్లు. మెటా యాడ్ ఎవరికి చూపించాలో నేర్చుకోవడానికే వారంలో సుమారు 50 ఫలితాలు కావాలంటుంది. అది నేర్చుకునేలోపే మన సరుకు అయిపోతుంది. పైగా యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ. మీ దగ్గర వెయ్యి ప్యాకెట్లుంటే మాట వేరు. అప్పుడు నేరుగా వాట్సాప్ చాట్ తెరిచే యాడ్ తీసుకోండి, అప్రూవల్‌కు ఒక రోజు దాకా పట్టొచ్చు కాబట్టి ముందురోజే సబ్మిట్ చేయండి.

ఫుడ్ పేజీలు నడిపేవాళ్లకు ఇవ్వాలా?

ఇవ్వొచ్చు, ఒకరిద్దరికి. ఆదివారం సాయంత్రం దాకా పోస్ట్ చేయొద్దని ముందే చెప్పాలి, లేదంటే మన ధర మనకంటే ముందు వాళ్లు చెప్పేస్తారు. డబ్బివ్వకుండా ప్యాకెట్ ఊరికే ఇచ్చినా, అది ఉచితంగా వచ్చిందని వాళ్లు పోస్టులో చెప్పాలి. రూల్ అదే. అయినా పేజీవాళ్ల వీడియోకంటే మాకు పనిచేసింది ఆదివారం మధ్యాహ్నం కస్టమర్లు పంపిన పళ్లేలు. 74 మందిలో 17 మంది ఫోటో పంపారు. పోస్ట్ చేసేముందు అందరినీ అడిగాను, ఒకావిడ వద్దంది. అత్తగారికి తెలియకుండా తెప్పించుకుందట.

శుక్రవారం పేర్లు అడిగితే పదిమందే స్పందించారు. ఏం చేయాలి?

ముందు ఎంతమంది చూశారో చూడండి. స్టేటస్ 300 మంది చూసి పదిమందే రాస్తే సరుకు మీదో, అడిగిన పద్ధతి మీదో అనుమానం. 40 మందే చూసి పదిమంది రాస్తే సరుకు మంచిదే, మీ మాట చేరట్లేదు. మొదటిదానికి నలుగురైదుగురికి ఫోన్ చేసి నిజం అడగాలి. మా ఒంగోలు ఫ్రెండ్ ఒకామె చేప ఊరగాయకు ఇలాగే జరిగితే, ఫోన్‌లో తేలింది ఏంటంటే అది ఫ్రిజ్‌లో పెట్టాలేమో, దారిలో పాడవుతుందేమో అని భయం. ఎన్నాళ్లుంటుందో, ఎలా ప్యాక్ చేస్తారో చూపించే వీడియో ఒకటి పెట్టింది, పేర్లు పెరిగాయి. రెండోదానికి విడివిడిగా మెసేజ్‌లు. రెండు సందర్భాల్లోనూ రోజుకు మూడు పోస్టులు పెట్టడం మాత్రం పరిష్కారం కాదు. పేర్లు పెరగకపోతే విడత తగ్గించండి, 30 ప్యాకెట్లతో కూడా లాంచ్ చేయొచ్చు.

మధ్యలో వాయిదా వేయాల్సివస్తే?

ఏడో రోజు ఉదయం దాకా ఎన్ని రోజులైనా జరపొచ్చు, ఎవరికీ తెలియదు. టీజర్‌లో తేదీ లేదు కదా. ధరతోపాటు తేదీ చెప్పేశాక దాటకూడదు. అందుకే ఆదివారం పోస్టుకు ముందు నేను మూడు వస్తువులు చేత్తో ముట్టుకుని చూస్తాను: లేబుళ్ల కట్ట, పౌచ్‌ల డబ్బా, రొయ్యల బస్తా. ఒకటి లేకపోయినా ఆ రోజు ఇంకో దంచే వీడియో పెట్టి ఊరుకుంటాను. చెప్పాక ఏదైనా జరిగితే మాత్రం, తెలిసిన గంటలోనే కొత్త తేదీతో సహా చెప్పేయండి. కొత్త తేదీ లేకుండా "కొంచెం ఆలస్యం" అంటే ఫోన్లు ఆగవు.

అంతా అయిపోయాక పేజీలో ఏం పెట్టాలి?

ఆదివారం రాత్రి పదింటికి మా 60 కూడా అయిపోయాయి, 28 ఆర్డర్లు. చివర మూడు ప్యాకెట్లకు ఇద్దరు ఒకేసారి డబ్బు వేశారు. బ్యాంకులో ముందు పడినవారికి ఇచ్చి, రెండోవారికి అప్పటికప్పుడే తిరిగి పంపి, తర్వాతి విడతలో మొదటి పేరు వారిదే రాశాను. "అయిపోయింది" అని ఒక్క పోస్ట్, దాని కిందే "రెండో విడత మార్చి మొదటి వారం, కావాలంటే మళ్లీ 'రొయ్య' అని పంపండి." ఆ పోస్ట్‌ను ప్రొఫైల్ పైన పిన్ చేశాం.

సోమవారం ఆ 28 ప్యాక్ చేసి పంపాం. పక్కన పెట్టిన 9లో నాలుగు కారిన ప్యాకెట్లకు బదులుగా వెళ్లాయి, ఆ నాలుగూ మంగళవారం రాత్రి పదకొండు దాటాక సీల్ చేసినవే. రెండు ఫుడ్ పేజీలకు వెళ్లాయి. రెండు బ్యాచ్ నమూనాగా అల్మారాలో ఉన్నాయి, నెలకోసారి ఒకటి తెరిచి వాసన, రుచి చూస్తాం. మిగిలిన ఒక్కటి మేనమామ తీసుకెళ్లాడు.